మూడు పెట్టుబడులూ కలిసి పడితే: పోర్ట్‌ఫోలియో నష్టాన్ని సిమ్యులేషన్‌తో లెక్కగట్టడం

(కామర్స్, స్టాటిస్టిక్స్ చదువుతున్న డిగ్రీ విద్యార్థులకు హైదరాబాద్‌లో ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం. బోర్డు మీది అంకెలు, తెర మీద చూపిన కోడ్ ఎక్కడివక్కడ చేర్చాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? బోర్డు కనపడకపోతే మాత్రం మొహమాటపడకుండా ముందుకి వచ్చేయండి. ఈవేళ అంకెలు చాలానే రాస్తాను. అవి మీరు కూడా నాతోపాటు కాగితం మీద వేయాలి. వింటే సరిపోయే విషయం కాదిది, వేస్తేనే వచ్చేది.

ఒకామె దగ్గర 10 లక్షల రూపాయలున్నాయి అనుకుందాం. 4 లక్షలు బ్యాంకు షేర్ల ఇండెక్స్ ఫండ్‌లో పెట్టింది. 3 లక్షలు ఐటీ షేర్ల ఫండ్‌లో పెట్టింది. మిగతా 3 లక్షలు గోల్డ్ ఈటీఎఫ్‌లో. ఆమె మనల్ని ఒకటే అడుగుతోంది. "రేపు ఒక్క రోజులో నాకు ఎంత పోవచ్చు?"

ఏం చెబుతారు? ఎవరైనా చెప్పండి. "మొత్తం పోవచ్చు" అన్నారెవరో. తప్పని అనలేను, కానీ దాంతో ఆమెకి ఏం ఉపయోగం? "ఏమీ పోకపోవచ్చు" అన్నా అంతే. అసలు సంగతేమిటంటే, ఆ ప్రశ్నకి ఒక్క అంకె జవాబు కాదు. ఇంత నష్టం రావడానికి ఇంత అవకాశం, అంతకు మించి రావడానికి ఇంత అవకాశం అని మొత్తం పట్టిక ఒకటి కావాలి. దాన్నే నష్టాల డిస్ట్రిబ్యూషన్ అంటాం. ఆ పట్టికని మనం ఎలా తయారుచేస్తాం? రేపటి రోజుని కంప్యూటర్లో లక్షసార్లు పుట్టిస్తాం. ప్రతిసారీ ఆమెకి ఎంత వచ్చిందో, ఎంత పోయిందో రాసిపెట్టుకుంటాం. అంతే, ఇదే సిమ్యులేషన్. ఇక చిక్కంతా ఎక్కడుందంటే, ఆ పుట్టించే రోజులు నిజం రోజుల్లా ఉండాలి. బ్యాంకులు కుప్పకూలిన రోజున ఐటీ షేర్లు తమకేం పట్టనట్టు ఉండవు కదా. కలిసి పడతాయి, కలిసి లేస్తాయి. ఆ కలిసి కదలడాన్ని లెక్కలోకి ఎలా తేవాలి అన్నదే ఈవేళ మన పని.

ముందు మనకి కావాల్సిన సరుకు చూద్దాం. ఒక్కో పెట్టుబడి రోజుకి మామూలుగా ఎంత ఊగుతుంది? అది స్టాండర్డ్ డీవియేషన్. బ్యాంకు ఫండ్‌కి రోజుకి 1.5 శాతం, ఐటీకి 1.5 శాతం, బంగారానికి 1 శాతం అనుకుందాం. ఇవి లెక్క సులువుగా ఉండడానికి నేను తీసుకున్న అంకెలు. మీరు నిజంగా చేసేటప్పుడు గడిచిన 1 లేదా 2 ఏళ్ల రోజువారీ ముగింపు ధరలు తెచ్చుకుని, వాటినుంచి లెక్కగడతారు. శాతాలని రూపాయల్లోకి మార్చేయండి, పని తేలికవుతుంది. 4 లక్షల్లో 1.5 శాతం అంటే 6,000. 3 లక్షల్లో 1.5 శాతం అంటే 4,500. 3 లక్షల్లో 1 శాతం 3,000. రాసుకున్నారా? 6,000, 4,500, 3,000. ఈ మూడూ చివరిదాకా మనతోనే ఉంటాయి.

రెండోది కోరిలేషన్. బ్యాంకుకీ ఐటీకీ 0.6. రెండూ మన షేర్ మార్కెట్‌వే, విదేశీ మదుపరులు అమ్మడం మొదలుపెడితే రెండిట్లోనూ అమ్ముతారు, అందుకని ఎక్కువే ఉంటుంది. బ్యాంకుకీ బంగారానికీ మైనస్ 0.1 అనుకుందాం, భయం పుట్టినప్పుడు జనం కొంచెం బంగారం వైపు వెళ్తారు. ఐటీకీ బంగారానికీ ప్లస్ 0.1. అదేమిటి, ఐటీకీ బంగారానికీ ఏం సంబంధం అంటారా? రూపాయి ఉంది. రూపాయి బలహీనపడితే డాలర్లలో సంపాదించే ఐటీ కంపెనీలకి లాభం, దిగుమతి చేసుకునే బంగారం ధర రూపాయల్లో పెరుగుతుంది. రెండూ ఒకే వైపు కొద్దిగా కదులుతాయి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతాను. కోరిలేషన్‌ని ధరల మీద కట్టకండి. రోజువారీ రాబడి మీద కట్టండి, అంటే నిన్నటితో పోలిస్తే ఇవాళ ఎంత శాతం మారింది అన్నదాని మీద. ధరల మీద కడితే ఏమవుతుంది? ఐదేళ్లలో బ్యాంకు ఫండ్ పెరిగింది, బంగారమూ పెరిగింది. రెండు గీతలూ పైకే వెళ్లాయి. వాటి మధ్య కోరిలేషన్ కడితే 0.9 వచ్చినా ఆశ్చర్యం లేదు. కానీ ఏ ఒక్క రోజు తీసుకున్నా ఒకటి ఎటు కదిలిందో చూసి రెండోది ఎటు కదిలిందో చెప్పలేం. మనకి కావాల్సింది రేపటి ఒక్క రోజు. కాబట్టి రోజువారీ మార్పులే చూడాలి.

సగటు రాబడి సంగతేమిటి అని మీలో ఎవరికైనా వచ్చి ఉండాలి. ఏడాదికి 12 శాతం అనుకున్నా, 250 ట్రేడింగ్ రోజులకి పంచితే రోజుకి సుమారు 0.05 శాతం. ఆమె 10 లక్షల మీద 500 రూపాయలు. మనం చూడబోయే నష్టాలు 20 వేల పైమాట. అందుకని ఒక్క రోజు లెక్కకి సగటుని సున్నా అనేసుకుందాం. ఏడాది లెక్క చేస్తే మాత్రం అలా వదిలేయడానికి వీల్లేదు.

ఇప్పుడు అసలు మెట్టు. కంప్యూటర్ మనకి ఇచ్చేవి ఒకదానితో ఒకటి సంబంధం లేని నార్మల్ సంఖ్యలు. సగటు సున్నా, స్టాండర్డ్ డీవియేషన్ 1. ఒక రోజుకి మూడు సంఖ్యలు అడుగుదాం, వాటిని z1, z2, z3 అందాం. వీటినే నేరుగా వాడితే బ్యాంకు పడిన రోజున ఐటీ పైకి పోవడానికి సగానికి సగం అవకాశం ఉన్నట్టే. అది నిజం కాదని మనకి తెలుసు. మరి సంబంధం లేనివాటి నుంచి సంబంధం ఉన్నవి ఎలా చేస్తాం? కలపాలి. ఎంతెంత పాళ్లలో కలపాలి అన్నదే మొత్తం రహస్యం.

బ్యాంకు మొదటిది కాబట్టి దాన్ని అలాగే ఉంచుదాం. x1 = z1. ఐటీకి బ్యాంకుతో 0.6 కావాలి. కాబట్టి z1 లోంచి 0.6 తీసుకుందాం. మిగతాది ఐటీ సొంత అదృష్టం, z2 లోంచి రావాలి. ఎంత? చెప్పండి. 0.4 అన్నారు చాలామంది. ప్రతి క్లాసులోనూ అదే వస్తుంది, ఎందుకంటే 0.6 కి 0.4 కలిపితే 1 అవుతుంది. కానీ ఇక్కడ కలిసేవి సంఖ్యలు కావు, వాటి వర్గాలు. ఒకదానితో ఒకటి సంబంధం లేనివాటిని కలిపినప్పుడు వేరియన్స్‌లు కలుస్తాయి. 0.6 వర్గం 0.36. మొత్తం 1 కావాలంటే మిగిలింది 0.64. దాని వర్గమూలం 0.8. అందుకని z2 లోంచి 0.8 తీసుకోవాలి. 0.4 తీసుకుంటే ఏమయ్యేది? 0.36, 0.16 కలిపితే 0.52, దాని వర్గమూలం 0.72. అంటే ఐటీ ఊగాల్సినంత ఊగదు, పావువంతుకి పైగా తగ్గిపోయి ఉంటుంది. రిస్క్ తక్కువగా కనిపిస్తుంది. ఆ తప్పు చిన్నగా కనిపిస్తుంది గానీ ఫలితం పెద్దదే.

x2 = 0.6 z1 + 0.8 z2. బాగుంది.

బంగారానికి బ్యాంకుతో మైనస్ 0.1 కావాలి, కాబట్టి z1 లోంచి మైనస్ 0.1. ఇప్పుడు z2 లోంచి ఎంత? దాన్ని a అందాం. ఐటీతో బంగారం కోరిలేషన్ 0.1 రావాలి. రెండిట్లోనూ z1 ఉంది, రెండిట్లోనూ z2 ఉంది. ఉమ్మడిగా ఉన్నవాటిని గుణించి కలపాలి: 0.6 × (−0.1) + 0.8 × a = 0.1. వేయండి. మైనస్ 0.06 అటు పంపిస్తే 0.8a = 0.16. a = 0.2. చివరగా z3 లోంచి మిగిలినదంతా. 1 లోంచి 0.01 తీసి, 0.04 తీస్తే 0.95. వర్గమూలం సుమారు 0.975.

x3 = −0.1 z1 + 0.2 z2 + 0.975 z3.

మీరు ఇప్పుడు చేతితో చేసినదాని పేరు షొలెస్కీ విభజన. ఆంద్రే లూయీ షొలెస్కీ ఫ్రెంచి సైన్యంలో అధికారి. భూమి కొలతల్లో వచ్చే పెద్ద పెద్ద సమీకరణాల గుంపుల్ని తేలిగ్గా సాధించడానికి ఈ పద్ధతి కనిపెట్టాడు. 1918లో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. పద్ధతిని 1924లో మరో సైనికాధికారి అచ్చువేయించాడు. షేర్ మార్కెట్‌తో ఆయనకి ఏ సంబంధమూ లేదు. కానీ ఈవేళ రిస్క్ లెక్కలు కట్టే చాలాచోట్ల ఆయన పాళ్లే వాడుతున్నారు.

ఒక్క రోజుని పూర్తిగా పుట్టిద్దాం. కంప్యూటర్ ఇచ్చిన సంఖ్యలు −1.5, −0.5, 0.8 అనుకోండి. బ్యాంకు −1.5. ఐటీ ఎంత? 0.6 × (−1.5) అంటే −0.9. 0.8 × (−0.5) అంటే −0.4. మొత్తం −1.3. చూశారా, ఐటీ సొంత సంఖ్య −0.5 మాత్రమే. బ్యాంకు దాన్ని కిందికి లాగేసింది. బంగారం: 0.15 లోంచి 0.1 పోయి, 0.78 కలిస్తే 0.83. ఇప్పుడు రూపాయల్లోకి. బ్యాంకులో −1.5 × 6,000, అంటే 9,000 నష్టం. ఐటీలో −1.3 × 4,500, 5,850 నష్టం. బంగారంలో 0.83 × 3,000, 2,490 లాభం. మొత్తం మీద 12,360 రూపాయల నష్టం. ఒక రోజు అయింది. ఇక ఇలాంటివి 99,999 రోజులు కంప్యూటర్ చేస్తుంది.

```python
import numpy as np

rng = np.random.default_rng(7)
n = 100000
sd = np.array([6000, 4500, 3000])
R = np.array([[ 1.0, 0.6, -0.1],
              [ 0.6, 1.0,  0.1],
              [-0.1, 0.1,  1.0]])

L = np.linalg.cholesky(R)
Z = rng.standard_normal((n, 3))
X = Z @ L.T
loss = -(X * sd).sum(axis=1)

line = np.quantile(loss, 0.99)
beyond = loss[loss >= line].mean()
```

ఇందులో `L` అంటే మనం చేతితో కట్టిన పాళ్ల పట్టికే. `print(L)` అని చూడండి, 0.6, 0.8, −0.1, 0.2, 0.975 అన్నీ కనిపిస్తాయి. `loss` లో లక్ష నష్టాలు ఉన్నాయి. మైనస్ ఎందుకు పెట్టాం? నష్టం ప్లస్ అంకెగా కనిపించాలని. లాభం వచ్చిన రోజు అందులో మైనస్‌గా ఉంటుంది.

ఆ లక్షనీ చిన్నదాని నుంచి పెద్దదానికి వరసపెట్టండి. చివరి 1,000 రోజులు అన్నిటికంటే ఘోరమైనవి. ఆ వెయ్యి ఎక్కడ మొదలవుతాయో అక్కడ ఒక గీత గీయండి. దాన్నే 99 శాతం వ్యాల్యూ ఎట్ రిస్క్ అంటారు. నేను గీత అనే అంటాను, మీకు గుర్తుంటుంది. వంద రోజుల్లో 99 రోజులు నష్టం ఆ గీత లోపలే ఉండాలి. కానీ గీత దాటిన రోజున ఎంత పోతుందో గీత చెప్పదు. అందుకని రెండో అంకె, గీత దాటిన రోజుల సగటు నష్టం. దానికి ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్ అని పేరు. బ్యాంకులకి నిబంధనలు పెట్టే బాసెల్ కమిటీ కూడా మార్కెట్ రిస్క్ కొత్త నిబంధనల్లో గీతని వదిలి ఈ సగటుకే మారింది, 97.5 శాతం దగ్గర.

ఎంత వస్తుంది మనకి? ఇక్కడ మనకి ఒక వరం ఉంది. సంఖ్యలు నార్మల్, మొత్తం నష్టం అంటే మూడిటి కూడిక, అంతే కాబట్టి జవాబు ఫార్ములాతోనూ వస్తుంది. వర్గాలు వేల లెక్కలో వేయండి: 36, 20.25, 9. కలిపితే 65.25. కోరిలేషన్ వల్ల వచ్చేవి: బ్యాంకు, ఐటీ మధ్య 2 × 0.6 × 6 × 4.5 అంటే 32.4. బ్యాంకు, బంగారం మధ్య −3.6. ఐటీ, బంగారం మధ్య 2.7. అన్నీ కలిపితే 96.75. వర్గమూలం 9.836, అంటే 9,836 రూపాయలు. దీన్ని 2.326 తో గుణిస్తే గీత వస్తుంది, 22,880 రూపాయలు. గీత దాటిన సగటు 26,200.

ఫార్ములాతోనే వస్తుంటే ఈ లక్షసార్లు తిప్పడం ఎందుకు? మంచి ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న. నార్మల్ వదిలేసిన మరుక్షణం, లేదా పోర్ట్‌ఫోలియోలో ఒక ఆప్షన్ చేరిన మరుక్షణం ఈ ఫార్ములా పనికిరాదు. సిమ్యులేషన్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. జవాబు తెలిసిన చోట ముందు నడిపి, 22,880 కి దగ్గరగా వచ్చిందా లేదా చూసుకుంటే, జవాబు తెలియని చోట దాన్ని నమ్మొచ్చు.

దగ్గరగా అంటే ఎంత దగ్గర? 10,000 సార్లు తిప్పారనుకోండి. నిజమైన గీత దాటినవి సగటున 100 ఉండాలి. కానీ ఒకసారి 92 వస్తాయి, ఒకసారి 109 వస్తాయి. అటూ ఇటూ ఒక 10 తేడా సహజం. ఆ తేడా రూపాయల్లో సుమారు 370. లక్షసార్లు తిప్పితే 120 దాకా తగ్గుతుంది. పదింతలు పని చేస్తే తప్పు పదోవంతు కాలేదు, మూడోవంతు అయింది. వర్గమూలం చొప్పున తగ్గుతుంది మరి.

అయితే కోటిసార్లు తిప్పితే పోదా? పోదు, ఎందుకో చెబుతాను. 0.6 అన్న కోరిలేషన్ మీకు ఎక్కడినుంచి వచ్చింది? ఏడాది ధరల నుంచి, 250 రోజుల నుంచి. 250 రోజులతో కట్టిన 0.6 లో అటూ ఇటూ 0.08 తేడా ఉండొచ్చు. అది నిజానికి 0.68 అయితే గీత 23,380 అవుతుంది. అంటే 500 రూపాయల తేడా అక్కడే ఉంది, మీరు ఎన్ని కోట్లసార్లు తిప్పినా పోదు. లక్ష చాలు. మిగిలిన ఓపిక డేటా మీద పెట్టండి.

కోరిలేషన్ పూర్తిగా వదిలేస్తే ఏమవుతుందో కూడా చూడండి. 65.25 వర్గమూలం 8.078. గీత 18,790. ఆమెకి 4,000 రూపాయల ప్రమాదాన్ని మనం దాచిపెట్టినట్టు.

తప్పు ఎలా దాక్కుంటుంది

కోడ్‌లో `Z @ L.T` అని ఉంది. ఆ `.T` మర్చిపోయి `Z @ L` అని రాశారనుకోండి. ప్రోగ్రాం ఆగదు. ఎర్ర అక్షరాలు రావు. గీత ఎంత వస్తుంది? 23,050 దగ్గర వస్తుంది. నిజమైనది 22,880. చూసేవాళ్లు "ఆహా, సరిగ్గానే వచ్చింది" అనుకుంటారు. కానీ లోపల బ్యాంకు 17 శాతం ఎక్కువ ఊగుతోంది, ఐటీ 18 శాతం తక్కువ ఊగుతోంది. ఆ రెండూ ఒకదాన్ని ఒకటి కప్పేశాయి, అంతే. రేపు ఆమె బ్యాంకు ఫండ్ అమ్మి ఐటీ కొంటే అప్పుడు బయటపడుతుంది, అదీ ఎవరైనా గమనిస్తే.

కాబట్టి చివరి అంకె చూసి తృప్తిపడొద్దు. పుట్టించిన రోజుల్నే పరీక్షించండి. రెండు లైన్లు:

```python
print(X.std(axis=0))
print(np.corrcoef(X.T))
```

మొదటిది 1, 1, 1 కి దగ్గరగా రావాలి. రెండోది మీరు ఇచ్చిన `R` కి దగ్గరగా రావాలి. `.T` మర్చిపోతే మొదటి లైన్లోనే 1.17, 0.82 అని కనిపిస్తుంది. ఈ రెండు లైన్లు రాయకుండా గీత చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

ఇంకో తప్పు తనంతట తానే బయటపడుతుంది. బ్యాంకు, ఐటీ 0.6. ఎవరో వచ్చి బ్యాంకు, బంగారం −0.8 అన్నారు. ఇంకెవరో ఐటీ, బంగారం 0.3 అన్నారు. విడివిడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. కలిపి చూడండి. బంగారం బ్యాంకుకి బాగా ఎదురు, బ్యాంకుతో ఐటీ కలిసే నడుస్తుంది, మరి బంగారం ఐటీతో కూడా కలిసి ఎలా నడుస్తుంది? అలాంటి మూడు వస్తువులు ఉండడానికి వీల్లేదు. చేతితో వేస్తే బంగారం పాళ్ల దగ్గర ఒక మైనస్ సంఖ్యకి వర్గమూలం కట్టాల్సి వస్తుంది. నంపై అయితే `LinAlgError: Matrix is not positive definite` అని ఆగిపోతుంది. నిజం డేటాతో కూడా ఇది జరుగుతుంది. ఒక్కో జంటకి ఒక్కో కాలం డేటా తీసుకుంటే, సెలవులు, ఖాళీలు ఒకచోట తీసేసి ఇంకోచోట ఉంచేస్తే వస్తుంది. మందు ఒకటే. మూడిటికీ ధర ఉన్న రోజులే ఉంచి, అన్ని కోరిలేషన్లనీ అవే రోజుల మీద కట్టాలి.

నార్మల్ సరిపోతుందా?

2020 మార్చి 23. మీలో చాలామంది అప్పుడు స్కూల్లో ఉండి ఉంటారు. ఆ రోజు ఉదయమే మార్కెట్ 10 శాతం పడి లోయర్ సర్క్యూట్ తగిలింది. 45 నిమిషాలు ట్రేడింగ్ ఆపారు. తెరిచాక ఇంకా పడింది. నిఫ్టీ ఆ ఒక్క రోజులో 13 శాతం దాకా పోయింది. మన లెక్కలో రోజుకి 1.5 శాతం ఊగుతుంది అనుకున్నాం కదా. 13 ని 1.5 తో భాగిస్తే 8.7 రెట్లు. నార్మల్ ప్రకారం అలాంటి రోజు ఎప్పుడొస్తుంది? విశ్వం పుట్టి 1,380 కోట్ల ఏళ్లు అంటారు. ఆ మొదటి రోజు నుంచీ ఏడాదికి 250 రోజులు మార్కెట్ తెరిచి ఉన్నా, ఒక్కసారి కూడా రావాల్సింది కాదు. వచ్చింది. అంటే తప్పు మార్కెట్‌ది కాదు, మన నార్మల్‌ది.

దీన్ని సరిచేయడానికి ఒక తేలికైన దారి స్టూడెంట్స్ టీ డిస్ట్రిబ్యూషన్. దాని తోక లావు, పెద్ద పెద్ద కదలికలకి చోటుంటుంది. ఎలా చేస్తామంటే, ప్రతి రోజుకీ ఇంకో సంఖ్య ఒకటి లాగుతాం. ఆ రోజు మార్కెట్లో అలజడి ఎంత అని చెప్పే సంఖ్య అనుకోండి. ఎక్కువ రోజుల్లో అది మామూలుగా ఉంటుంది. ఎప్పుడో ఒక రోజు చాలా చిన్నది వస్తుంది. దానితో భాగిస్తాం కాబట్టి ఆ రోజు కదలికలు భారీ అయిపోతాయి.

```python
nu = 4
W = rng.chisquare(nu, size=(n, 1)) / nu
T = X / np.sqrt(W) * np.sqrt((nu - 2) / nu)
loss_t = -(T * sd).sum(axis=1)
```

`nu` అంటే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్. ఎంత చిన్నదైతే తోక అంత లావు. షేర్ల రోజువారీ రాబడికి 3 నుంచి 6 మధ్యలో ఏదో ఒకటి సాధారణంగా అతుకుతుంది. చివర్లో ఆ రెండో వర్గమూలం ఎందుకు? టీ మామూలుగానే ఎక్కువ ఊగుతుంది, దాన్ని తిరిగి 1 కి తెస్తున్నాం. లేకపోతే 6,000 అనుకున్నది 8,500 అయిపోతుంది, ఏది తోక వల్ల పెరిగిందో ఏది కాదో మీకు తెలియదు.

ఇప్పుడు `size=(n, 1)` చూడండి. ఆ 1 ముఖ్యం. ఒక రోజుకి ఒకే అలజడి, మూడు పెట్టుబడులకీ అదే. దాని బదులు 3 రాస్తే మూడిటికీ మూడు వేరు వేరు అలజడులు. బ్యాంకుకి భూకంపం వచ్చిన రోజున ఐటీకి మామూలు రోజు. అలా ఉంటుందా ఎక్కడైనా? ఇది కూడా చప్పుడు లేకుండా జరిగే తప్పే. కోరిలేషన్ ప్రింట్ చేస్తే 0.6 ఉండాల్సిన చోట 0.47 దగ్గర కనిపిస్తుంది. అందుకే ఇందాకటి పరీక్ష `T` మీద కూడా చేయమంటున్నాను. లావు తోకలో సంఖ్యలు కొంచెం ఎక్కువ అటూ ఇటూ అవుతాయి, కానీ 0.6 కీ 0.47 కీ తేడా తెలుస్తుంది.

ఫలితం చూద్దాం. గీత 22,880 నుంచి 26,060 కి వెళ్లింది. 14 శాతం పెరిగింది. గీత దాటిన సగటు? 26,200 నుంచి 36,300 కి వెళ్లింది. 38 శాతం. మళ్లీ చెబుతున్నాను, గీత 14 శాతం, గీత దాటిన సగటు 38 శాతం. గీత ఒక్కటే చూసేవాళ్లకి లావు తోక సగం కూడా కనపడదు. ఆమెకి రెండు అంకెలూ చెప్పాలి.

ఇంకొకటి మిగిలింది. మనం 0.6, −0.1, 0.1 అన్నవి మామూలు రోజుల కోరిలేషన్లు. గడ్డురోజుల్లో అవి అలా ఉండవు. 2020 మార్చి మధ్యలో అంతర్జాతీయ మార్కెట్లో బంగారం కూడా షేర్లతో పాటే పడింది. ఎందుకు? నగదు కావాల్సినవాళ్లు అమ్ముడుపోయేది ఏదుంటే అది అమ్మారు. భయం వస్తే బంగారం పెరుగుతుందన్న నమ్మకం సరిగ్గా అవసరమైన వారాల్లోనే పనిచేయలేదు. కాబట్టి `R` లో అంకెలు మార్చి ఇంకోసారి నడపండి. బ్యాంకు, ఐటీ 0.9, బంగారానికి రెండిటితోనూ 0.5. నార్మల్‌తోనే గీత 28,040 అవుతుంది. ఇక గడ్డురోజుల్లో ఊగడం కూడా పెరుగుతుంది. `sd` ని రెట్టింపు చేస్తే 56,000 దాటుతుంది. మొదట 22,880 అన్నాం. అదే ఆమె, అదే 10 లక్షలు. నేనైతే మూడు అంకెలూ ఆమె ముందు పెట్టి, ఒక్కోటి ఏ ఊహ మీద వచ్చిందో పక్కనే రాస్తాను.

ఇదంతా నిజంతో సరిపోతోందా అని ఎలా తెలుస్తుంది? రోజూ సాయంత్రం చూడాలి. నిన్న మీరు చెప్పిన గీత ఎంత, ఇవాళ నిజంగా పోయిందెంత? 250 రోజుల్లో గీత సుమారు రెండు మూడు సార్లు దాటాలి. బాసెల్ నిబంధనల్లో 4 సార్ల దాకా ఆకుపచ్చ, 5 నుంచి 9 దాకా పసుపు, 10 లేదా అంతకంటే ఎక్కువైతే ఎరుపు. ఒక్కసారి కూడా దాటకపోతే మంచిదేనా? కాకపోవచ్చు, మీరు ఆమెని అనవసరంగా భయపెడుతున్నారేమో చూసుకోవాలి. ఎన్నిసార్లు దాటింది అన్నదొక్కటే కాదు, ఎప్పుడెప్పుడు దాటింది అన్నది కూడా చూడండి. మూడుసార్లూ ఒకే వారంలో దాటితే అంకె సరిగ్గానే ఉన్నా మోడల్ తప్పు. మార్కెట్ అలజడిలోకి వెళ్లింది, మీ `sd` మాత్రం ప్రశాంతంగా ఉన్న ఏడాది నుంచి కదలలేదు.

దానికి జే.పీ. మోర్గాన్ 1994లో బయటపెట్టిన రిస్క్‌మెట్రిక్స్ పద్ధతి చాలా సులువు. పాత వేరియన్స్‌కి 94 శాతం బరువు, ఇవాళ్టి కదలిక వర్గానికి 6 శాతం బరువు. బ్యాంకు ఫండ్ ఇవాళ 4 శాతం పడిందనుకోండి. 1.5 వర్గం 2.25, దానికి 0.94 రెట్లు అంటే 2.115. 4 వర్గం 16, దానికి 0.06 రెట్లు అంటే 0.96. కలిపితే 3.075, వర్గమూలం 1.75. అంటే రోజుకి 1.5 శాతం అనుకున్నది ఇవాళ్టి సాయంత్రానికే 1.75 శాతం అయింది. లెక్క తేలిగ్గా ఉండాలని పెట్టుబడి ఇంకా 4 లక్షలే అనుకుందాం. ఇవాళ రాత్రి పడుకునే ముందు కోడ్‌లో 6,000 ఉన్న చోట 7,000 రాసి, మిగతాదంతా మొదటినుంచి నడిపితే, రేపటి గీత వస్తుంది.

ఇక ప్రశ్నలు అడగండి. ముందు వరసలో అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉంది, చెప్పమ్మా.